అమ్మానాన్నల కంటి ఆపరేషన్‌కు సెలవు అడగడం ఎలా? వైద్య వివరాలు ఎంతవరకు రాయాలి?

"నాన్నకు శుక్లం ఆపరేషన్ ఉంది. సెలవు మెయిల్‌లో ఏం రాయాలి? ఆయనకు షుగరు ఉన్న సంగతి చెప్పాలా? రిపోర్టులు జతచేయాలా? లేక 'వ్యక్తిగత పని' అని రాస్తే సరిపోతుందా?" ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను. ఎక్కువమందికి ఎదురయ్యేది శుక్లం ఆపరేషనే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మిగతా కంటి ఆపరేషన్లకు తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మీ మేనేజరు నిర్ణయించాల్సింది మీరు ఏ రోజుల్లో ఉండరు, ఆ రోజుల్లో పని ఎలా సాగుతుంది అన్నదే. ఆ నిర్ణయానికి పనికొచ్చే వివరం రాయాలి, పనికిరానిది అమ్మకో నాన్నకో సంబంధించిన సంగతిగానే ఉండిపోవాలి.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- ఆపరేషన్ తేదీ, ఆసుపత్రికి ఎన్నింటికి రమ్మన్నారు, సుమారుగా ఎన్నింటికి పంపిస్తారు
- ఆ తర్వాతి చెకప్‌ల తేదీలు (మర్నాడు ఒకటి, వారం అటూ ఇటూగా మరొకటి సాధారణంగా ఉంటాయి)
- రెండో కంటికి కూడా చేయాలా, చేస్తే ఎప్పుడు
- మీ సంస్థ సెలవు నిబంధనలు, మీ ఖాతాలో మిగిలిన సెలవులు
- మీరు లేనప్పుడు పని చూసే సహోద్యోగి ఒప్పుకోలు
- అన్నిటికంటే ముఖ్యంగా, ఆపరేషన్ చేయించుకునే మనిషి అనుమతి

1. రోజులు సరిగ్గా లెక్కపెట్టండి

మెయిల్ రాయడం కంటే ఇదే కష్టమైన భాగం. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు.

శుక్లం ఆపరేషన్ మామూలుగా 15 నుంచి 30 నిమిషాల్లో అయిపోతుంది. అది విని "పొద్దున తీసుకెళ్లి మధ్యాహ్నానికి ఆఫీసుకు వచ్చేస్తాను" అని సగం రోజు సెలవు అడుగుతారు. కానీ ఆపరేషన్‌కు ముందు కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, మళ్లీ వేసి కూర్చోబెడతారు. బీపీ, షుగరు చూస్తారు. వరుసలో మీవాళ్ల వంతు రావాలి. అయ్యాక కాసేపు ఉంచి, మందులు ఎలా వాడాలో చెప్పి పంపుతారు. కాబట్టి ఆ రోజు మొత్తం పోయినట్టే అనుకోండి.

మర్నాడు చెకప్ ఉంటుంది. కంటిలో ఒత్తిడి పెరిగిందా, ఇన్ఫెక్షన్ సూచనలు ఉన్నాయా అని చూస్తారు. దీన్ని వదులుకోకూడదు. ఆ రోజు కూడా వాళ్లు ఒంటరిగా వెళ్లలేరు, బండి నడపకూడదు. అంటే రెండు రోజులు ఖాయం.

మూడో రోజు నుంచి సెలవు కావాలా వద్దా అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది.

మొదటిది, కంటి చుక్కలు ఎవరు వేస్తారు? మొదటి వారంలో రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు వేయమంటారు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. తర్వాత తగ్గించుకుంటూ సుమారు నాలుగు వారాలు సాగుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్లకు నేర్పవచ్చు. ఎవరూ లేకపోతే ఆపరేషన్‌కు వారం ముందే ఒక ఖాళీ చుక్కల సీసా అమ్మ చేతికిచ్చి చూడండి. తల వెనక్కి వాల్చి, ఒక చేత్తో కింది రెప్ప లాగి, మరో చేత్తో సీసా కంటికి తగలకుండా పట్టుకుని నొక్కగలుగుతోందా? వేళ్ల నొప్పులున్నవాళ్లకు, చెయ్యి వణికేవాళ్లకు ఇది సాధ్యం కాదు. అప్పుడు మీకు పగలు కూడా ఇంటి దగ్గర ఉండే ఏర్పాటు కావాలి, సెలవో ఇంటినుంచి పనో ఏదో ఒకటి.

రెండోది, రెండో కంటి చూపు ఎలా ఉంది? అదీ మసకగానే ఉంటే, ఆపరేషన్ చేసిన కంటికి కట్టో షీల్డో ఉన్నంతసేపు నడవడం కష్టం. రాత్రి బాత్రూముకు వెళ్లేటప్పుడు పడిపోయే ప్రమాదం ఉంటుంది. రెండో కన్ను బాగుంటే ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది.

ఇక మిగతా ఆపరేషన్ల సంగతి. గ్లాకోమా, అంటే నీటికాసుల ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాలు చెకప్‌లు ఎక్కువగా ఉంటాయి, ఒక్కోసారి మర్నాడే మళ్లీ రమ్మంటారు. వరుసగా సెలవు తీసుకోవడం కంటే విడివిడిగా సగం రోజులు అడగడం నయం. రెటీనా ఆపరేషన్‌లో కంటిలో గ్యాస్ నింపితే కొన్ని రోజులు తల కిందికి వంచి గాని, ఒకే పక్కకు గాని ఉంచమంటారు. ఆ గ్యాస్ కరిగేదాకా విమాన ప్రయాణం చేయకూడదు. ఇక్కడ రెండు రోజులు ఏ మూలకూ చాలవు. ఎన్ని రోజులు పక్కన మనిషి ఉండాలో డాక్టరునే సూటిగా అడిగి ఆ సంఖ్యే రాయండి.

2. మెయిల్ తెరవకముందు అమ్మను అడగండి

"ఆఫీసులో ఏం చెప్పమంటావు?" అని అడగడానికి ఒక నిమిషం పట్టదు. కానీ చాలామంది అడగరు. మీ ఆఫీసువాళ్లు అమ్మకు తెలియనివాళ్లే కదా అనిపిస్తుంది. రేపు మీ సహోద్యోగి ఇంటికొచ్చి, "షుగరు కంట్రోల్‌లోకి వచ్చిందా అమ్మా?" అని అడిగితే ఆమె మొహంలో కనిపించే ఇబ్బంది అప్పుడు మీకు అర్థమవుతుంది.

ఇలా అడగవచ్చు: "అమ్మా, సెలవు కోసం నీకు కంటి ఆపరేషన్ అని రాస్తాను. అంతకుమించి ఏమీ రాయను. సరేనా?" ఎక్కువమంది సరేనంటారు. కొందరు, "ఆపరేషన్ అనొద్దురా, ఆసుపత్రి పని అను చాలు" అంటారు. అలా అంటే అంతే రాయండి, ఎందుకని తరచి అడగాల్సిన పని లేదు. ఆ మాటతో కూడా సెలవు దొరుకుతుంది. అదెలాగో కింద చెబుతాను.

3. వివరాలను జల్లెడ పట్టండి

ముందు మీకు తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాసేయండి. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇది తీసేస్తే సెలవు తేదీలుగాని, రోజుల సంఖ్యగాని, పని ఏర్పాటుగాని మారుతుందా?" అని అడగండి. మారితే ఉంచండి, మారకపోతే కొట్టేయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒకామె అనుకోండి. అమ్మకు 12వ తేదీ గురువారం కుడి కంటికి ఆపరేషన్. మొదట రాసుకున్నది ఇలా ఉంది:

"మా అమ్మకు 68 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది, బీపీ కూడా ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. కుడి కన్ను అసలు కనిపించడం లేదు. ఈ నెల 12న ఆపరేషన్. షుగరు ఎక్కువగా ఉండటంతో ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. నాన్నగారు లేరు, నేను ఒక్కదాన్నే. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి కొన్ని రోజులు సెలవు ఇప్పించగలరు."

ఇందులో వయసు తీసేస్తే ఏమీ మారదు, కాబట్టి పోతుంది. షుగరు, బీపీ కూడా పోతాయి. "శుక్లాలు ముదిరాయి" అన్న చోట "కంటి ఆపరేషన్" చాలు. కుడి కన్నా, ఎడమ కన్నా అన్నది మేనేజరుకు అక్కర్లేదు. కానీ రెండో కంటికి కూడా తర్వాత చేయాల్సి ఉంటే ఆ మాట పనికొస్తుంది, ఎందుకంటే ఇంకోసారి సెలవు అడగబోతున్నారు.

వాయిదా సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. షుగరు ఎక్కువగా ఉన్నా, బీపీ పెరిగినా, దగ్గు తగ్గకపోయినా, రెప్ప మీద కురుపు లేచినా ఆపరేషన్ ఆపి మరో తేదీ ఇవ్వడం మామూలే. కాబట్టి తేదీ మారవచ్చన్న ముక్క మేనేజరుకు కావాలి, ఎందుకు మారవచ్చన్నది మాత్రం అక్కర్లేదు.

"నేను ఒక్కదాన్నే" అన్నది ఉండాలి. మీరే ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు అదే జవాబు. నాన్నగారి ప్రస్తావన లేకుండానే ఆ మాట చెప్పవచ్చు. టెన్షన్ సంగతి మేనేజరుతో నోటితో చెప్పుకోండి, రాతలో వద్దు. ఇక చివరి "కొన్ని రోజులు" అన్నది ఈ మెయిల్ మొత్తంలో అతి పెద్ద లోపం. అన్ని వివరాలు రాసి, అసలు అడగాల్సింది అడగలేదు.

4. మెయిల్ రాయండి

జల్లెడ పట్టాక అదే మెయిల్ ఇలా తయారవుతుంది:

> విషయం: 12, 13 తేదీల్లో సెలవు, 19న సగం రోజు
>
> మేడమ్ గారికి నమస్కారం.
>
> 12వ తేదీ గురువారం మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉంది. ఆమెను తీసుకెళ్లి చూసుకోవడానికి ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. 12న ఆపరేషన్‌కు, 13న చెకప్‌కు పూర్తి రోజు సెలవు కావాలి. 19న ఉదయం మరో చెకప్ ఉంది, ఆ రోజు సగం రోజు కావాలి.
>
> ఆసుపత్రివాళ్లు తేదీ మార్చే అవకాశం కొంత ఉంది. మారితే తెలిసిన వెంటనే మీకు చెబుతాను.
>
> 12, 13 తేదీల్లో చెల్లింపుల పని సహోద్యోగి చూస్తానన్నారు. నెలవారీ లెక్క 11వ తేదీకే ముగించి ఇస్తాను. 12న మధ్యాహ్నం వరకు ఫోన్ తీయలేను, ఆ తర్వాత అత్యవసరమైతే మెసేజ్ చేయండి.
>
> సెలవు మంజూరు చేయగలరు.

ఇక్కడ సహోద్యోగి పేరు రాయాలి, ముందుగా ఆ మనిషిని అడిగి మరీ. విషయం వరుసలో తేదీలు మాత్రమే ఉన్నాయి, గమనించండి. ఆ వరుస ఫోన్ తెర మీద, పక్కవాళ్ల కంప్యూటర్ మీద అందరికీ కనిపిస్తుంది. జబ్బు, ఆపరేషన్ వంటి మాటలు అందులో వద్దు.

ఆపరేషన్ అన్న మాటే వద్దని అమ్మ అంటే మొదటి వాక్యం ఇలా మార్చండి: "12వ తేదీన మా అమ్మను ముందే నిర్ణయించిన ఒక వైద్య చికిత్సకు ఆసుపత్రికి తీసుకెళ్లాలి." మిగతాదంతా అదే. "వ్యక్తిగత పని" కంటే ఇది చాలా మెరుగు. వ్యక్తిగత పని అంటే వాయిదా వేసుకోమనడానికి వీలుంటుంది, పని ఒత్తిడిగా ఉన్న వారంలో అలాగే అంటారు కూడా. అప్పుడు మీరు అసలు సంగతి చెప్పాల్సి వస్తే, మొదట దాచినట్టు కనిపిస్తుంది.

రెటీనా ఆపరేషన్ అయితే ఒక వివరం అదనంగా రాయక తప్పదు: "ఆపరేషన్ తర్వాత వారం రోజులు ఆమె తల ఒకే భంగిమలో ఉంచాలి, పక్కన ఎప్పుడూ మనిషి ఉండాలి." డాక్టరు ఎన్ని రోజులంటే అన్ని. కంటి ఆపరేషన్ అనగానే అందరికీ శుక్లమే గుర్తొస్తుంది, "మా నాన్న మర్నాడే టీవీ చూశారే" అనుకుంటారు. అంత సెలవు ఎందుకో ఈ ఒక్క వాక్యం చెబుతుంది. జబ్బు పేరు అప్పుడూ అక్కర్లేదు.

5. ముందు మాట, తర్వాత రాత

తేదీ ఖాయమైన రోజే మేనేజరుకు నోటితో చెప్పండి: "సర్, 12న అమ్మకు కంటి ఆపరేషన్ పెట్టారు. రెండు రోజులు సెలవు కావాలి, మెయిల్ పెడతాను." అంతే. మాటల్లో ఎక్కువ చెప్పేయడం సులభం, ఎదుటివాళ్లు ఆదరంగా అడిగితే ఇంకా సులభం. మీరు ఆగాలనుకున్న చోటు ముందే తెలుసుకుని వెళ్లండి.

తర్వాత మెయిల్ పెట్టి, సెలవుల సిస్టంలో కూడా దరఖాస్తు చేయండి. అక్కడ సెలవు రకం చూసుకోవాలి. అనారోగ్య సెలవు చాలా సంస్థల్లో ఉద్యోగి సొంత అనారోగ్యానికి మాత్రమే వర్తిస్తుంది. అమ్మ ఆపరేషన్‌కు అది వాడితే తర్వాత ఇబ్బంది రావచ్చు. కుటుంబసభ్యుల సంరక్షణకు వేరే సెలవు ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి, లేకపోతే మామూలు సెలవు పెట్టండి. కారణం రాసే గడిలో "కుటుంబంలో వైద్య అవసరం" అంటే చాలు. ఆ గడి ఎవరెవరికి కనిపిస్తుందో మీకు తెలియదు.

అన్నిటికీ ఇంత సమయం ఉండదు. రెటీనా ఊడిపోవడం వంటివాటిలో చూపులో ఒక పక్క తెర దించినట్టు నీడ కమ్ముతుంది. అప్పుడు వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, సెలవు సంగతి దారిలో చూసుకోవాలి. "నాన్నకు కంటికి అత్యవసరంగా చికిత్స కావాల్సి వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఈ రోజు రాలేను. సాయంత్రం ఆరింటికల్లా మిగతా రోజుల సంగతి చెబుతాను" అని మెసేజ్ పెట్టండి. ఎన్ని రోజులో తెలియనప్పుడు, ఎప్పటికి చెప్పగలరో చెప్పడమే అక్కడ ముఖ్యం.

6. ఆధారం అడిగితే ఏం ఇవ్వాలి?

డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి పంపేయడం మామూలైపోయింది. పంపేముందు ఒక్కసారి చదవండి. అందులో మీవాళ్లకున్న పాత జబ్బులు, వాడే మందులు, రక్తపరీక్షల ఫలితాలు అన్నీ ఉండవచ్చు. ఆపరేషన్‌కు ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసే ఆసుపత్రులు చాలా ఉన్నాయి, ఆ ఫలితాలు కూడా అదే ఫైల్లో ఉంటాయి. సెలవు ఇవ్వడానికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు.

దానికి బదులు ఆసుపత్రి కౌంటర్‌లో, "ఫలానా తేదీన రోగికి తోడుగా వచ్చానని ఒక కాగితం ఇవ్వండి" అని అడగండి. మీ పేరు, రోగి పేరు, తేదీ, ఆసుపత్రి ముద్ర ఉంటే సరిపోతుంది. ఆపరేషన్ రోజునే అడగండి, తర్వాత దానికోసమే మళ్లీ తిరగాలి. అది దొరక్కపోతే అపాయింట్‌మెంట్ చీటీ ఇవ్వండి, అందులో జబ్బు వివరం ఉంటే ఆ భాగాన్ని కప్పి కాపీ తీయించండి. హెచ్‌ఆర్ అంతకుమించి అడిగితే, ఏ నిబంధన ప్రకారమో మర్యాదగా అడిగి తెలుసుకుని, అమ్మతో చెప్పి, అప్పుడు ఇవ్వండి. ఇచ్చినా హెచ్‌ఆర్‌కు నేరుగా ఇవ్వండి, టీమ్ అంతా ఉన్న మెయిల్‌లో జతచేయకండి.

సహోద్యోగులు "ఏమైంది, సీరియస్సా?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. "కంటి ఆపరేషనండీ, ముందే అనుకున్నదే. మీరు అడిగారని అమ్మతో చెబుతాను" అంటే వాళ్లకూ బాగుంటుంది, మాట అక్కడ ఆగుతుంది.

7. తేదీ మారితే

వాయిదా పడిందని తెలిసిన గంటలోనే చెప్పండి: "ఆసుపత్రివాళ్లు ఆపరేషన్ 19వ తేదీకి మార్చారు. 12, 13 సెలవు రద్దు చేసుకుంటున్నాను. 19, 20 కావాలి, 26న సగం రోజు." కారణం రాయకండి. సిస్టంలో పాత దరఖాస్తు రద్దు చేయడం మరిచిపోతే ఆ రెండు రోజులు మీ ఖాతాలోంచి పోతాయి. పని చూస్తానన్న సహోద్యోగికి కొత్త తేదీలు వీలవుతాయో లేదో కూడా మళ్లీ అడగాలి.

తరచూ చేసే పొరపాట్లు

జాలి కలిగించడానికి పరిస్థితిని పెద్దది చేసి చెప్పడం మొదటిది. "చూపు పోయే పరిస్థితి" అని రాసి, అమ్మ మూడో రోజుకే బాగా కనిపిస్తోందని చెబితే, రెండో కంటికి సెలవు అడిగేటప్పుడు మీ మాటకు బరువుండదు.

దీనికి వ్యతిరేకమైనది, మరీ చిన్నది చేయడం. "చిన్న ఆపరేషనే సర్, అవసరమైతే అక్కడినుంచే పని చేస్తాను" అంటారు. చుక్కలు వేయించుకుని కూర్చున్న మనిషికి కళ్లు మసకగా ఉంటాయి, సంతకాలకు, మందులకు, జాగ్రత్తలు వినడానికి మీరే తిరగాలి. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచే వీలుండదు. ఆ మాట ఇవ్వకండి.

మరొకటి, ఆటోమేటిక్ జవాబులోనో గ్రూపులోనో వివరాలు పెట్టేయడం. బయటి కస్టమరుకు కూడా వెళ్లే జవాబులో "12, 13 తేదీల్లో అందుబాటులో ఉండను" అన్నదే ఉండాలి.

పంపేముందు, పంపాక సరిచూసుకోవడం

మెయిల్‌ను మీ కుటుంబం గురించి ఏమీ తెలియని మనిషిలా చదవండి. ఏ రోజులు, ఎంతసేపు, మీరే ఎందుకు, పని ఎవరు చూస్తారు, తేదీ మారవచ్చా అన్న అయిదింటికీ జవాబు దొరకాలి. ఇంకేదైనా ప్రశ్నకు కూడా జవాబు దొరికితే ఆ వాక్యాన్ని మళ్లీ చూడండి. తర్వాత అదే మెయిల్‌ను అమ్మకు చదివి వినిపించినట్టు ఊహించుకోండి. ఎక్కడైనా గొంతు తగ్గించాలనిపిస్తే ఆ ముక్క తీసేయండి.

పంపాక "సరే, చూద్దాం" అన్న నోటిమాటతో ఆగకండి. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందుకల్లా సిస్టంలో సెలవు మంజూరైనట్టు కనిపించాలి. కనిపించకపోతే ఒక్క వరుసలో గుర్తుచేయండి, వివరాలు కొత్తగా చేర్చకుండా. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా కారణాలు చెప్పాలనిపిస్తుంది. కానీ ఆలస్యానికి కారణం ఎక్కువసార్లు మేనేజరు మెయిల్ తెరవకపోవడమే.

ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు కంటి నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, వచ్చిన చూపు మళ్లీ తగ్గినా, మెరుపులు గాని కొత్తగా నల్లచుక్కలు గాని కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలా జరగడం అరుదే అయినా, జరిగితే చెకప్ తేదీ దాకా ఆగకూడదు. అందుకని మొదటి రెండు వారాలకు ఒక రోజు సెలవు ఖాతాలో మిగుల్చుకోండి, ఉన్నవన్నీ ముందే వాడేయకండి.

రెండో కన్ను సాధారణంగా కొన్ని వారాల తర్వాత చేస్తారు. తేదీ చెప్పగానే ఇదే మెయిల్ తీసి తేదీలు మార్చి, "క్రితంసారిలాగే" అన్న మాట చేర్చి పంపండి. ఈసారి మీ రోజుల లెక్క మరింత ఖచ్చితంగా ఉంటుంది. చుక్కలు అమ్మ సొంతంగా వేసుకోగలదో లేదో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఎన్ని రోజులు అడగాలో కూడా తెలుస్తుంది.